శాశ్వత పూజకు 30 వేలు: భాగహారం తప్పా, మనం వేసిన అంకెలు తప్పా?

"ఎప్పటికీ అనే మాటకు వెల కట్టలేం. ఏటా 2,100 అంటే వెయ్యేళ్లకు 21 లక్షలు, ఆ తర్వాత కూడా ఆగదు, అంటే మొత్తం అనంతం. దాన్ని 7 శాతంతో భాగించి, 30 వేలు కడితే శాశ్వతంగా పూజ జరుగుతుందనడం కళ్లకు గంతలు కట్టడమే. పాతికేళ్ల కింద అలా కట్టినవాళ్ల పూజలు ఇప్పటికే ఆగిపోయాయి, అదే సాక్ష్యం. పైగా రేటు మారితే కూలిపోయే లెక్క ఇది. పదిమందికీ పంపండి."

ఈ మెసేజ్ నాకు నెల రోజుల్లో నాలుగు గ్రూపుల నుంచి వచ్చింది. కావలి దగ్గర మా ఊరి గుడి కమిటీలో తొమ్మిదేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. మెసేజ్‌లో చెప్పిన ఆగిపోయిన పూజలు మా గుడిలోనూ ఉన్నాయి. అందుకే దీనికి జవాబు చెప్పాల్సిన బాధ్యత నాకుందనుకుంటున్నాను.

మొదట అనంతం సంగతి చూద్దాం. 30 వేలు 7 శాతానికి బ్యాంకులో వేస్తే ఏడాది చివర 2,100 వస్తుంది. అది పూజకు ఖర్చయిపోతుంది, అసలు 30 వేలు అలాగే ఉంటుంది. మళ్లీ ఏడాదికి మళ్లీ 2,100. ఆ రేటు నిలబడినన్నాళ్లు ఇది ఆగాల్సిన కారణం లేదు. 30 వేలతో దొరికే దానికి ఎవరైనా 21 లక్షలు ఎందుకు ఇస్తారు? 2,100ని 0.07తో భాగించడం అంటే ఇంతే: ఆ వడ్డీ రావాలంటే అసలు ఎంత ఉండాలి అని వెనక్కి అడగడం.

మెసేజ్ రాసినాయన వెయ్యేళ్ల రూపాయలను ఇవాళ్టి రూపాయలతో సమానం చేసి కూడేశాడు. తేడా అక్కడ వచ్చింది. యాభై ఏళ్ల తర్వాత ఇవ్వాల్సిన 2,100 కోసం ఇవాళ పక్కన పెట్టాల్సింది 71 రూపాయలే, మిగతాది వడ్డీ మీద వడ్డీ చూసుకుంటుంది. వందేళ్ల తర్వాతి 2,100కి రెండున్నర రూపాయలు కూడా అక్కర్లేదు. ఇంకోలా చూడండి. ఇవాళ 1,018 రూపాయలు వేసి ముట్టుకోకుండా ఉంచితే యాభై ఏళ్లకు 30 వేలవుతుంది, ఆ 30 వేలు అక్కడి నుంచి ఎప్పటికీ పూజ నడుపుతుంది. అంటే మొత్తం 30 వేలలో యాభై ఏళ్ల తర్వాతి కాలమంతటికీ పడే వాటా వెయ్యి పైచిలుకు మాత్రమే. "ఎప్పటికీ" అన్న మాట వినడానికి పెద్దదిగా ఉంటుంది గానీ వెలలో దాని బరువు చాలా తక్కువ.

రెండో మాట నాకు నిజంగా బాధ కలిగించేది. పూజలు ఆగిన మాట నిజమే.

1996లో మా గుడిలో ఒక రోజు పూజకు 300 అయ్యేది. టెంకాయలు, పూలు, నెయ్యి, చక్కెర పొంగలి, అయ్యవారి సంభావన, అన్నీ కలిపి. బ్యాంకులు అప్పట్లో 12 శాతం ఇచ్చేవి. ఆనాటి కమిటీ 300ని 0.12తో భాగించి, 2,500 కడితే శాశ్వత పూజ అని బోర్డు పెట్టింది. 41 మంది కట్టారు. నాకు పెద్దమ్మ వరసయ్యే ఆవిడ తన నాయన పేరున కట్టింది. మొన్న మాఘమాసంలో ఆయన తిథి రోజు గుడికొచ్చి నన్నడిగింది: "ఏమయ్యా, మా నాయన పూజ ఏదీ? పూలదండ ఒక్కటేసి పంపిస్తారా?"

పుస్తకం తీసి చూపించాను. ఆవిడ 2,500 మీద 7 శాతం లెక్కన ఇప్పుడొచ్చేది 175. ఆవిడ నాయన పూజకు ఇవాళ అయ్యేది 2,100. ఆ 175తో దండ, రెండు టెంకాయలు వస్తే గొప్ప.

దీన్ని చూసి భాగహారం తప్పంటున్నారు. భాగహారం తప్పు కాదు. ఏటా అంతే మొత్తం ఇచ్చే సొమ్ముకు వాడాల్సిన లెక్కను, ఏటా పెరిగే ఖర్చుకు వాడారు. 300 అయిన పూజ 29 ఏళ్లలో 2,100 అయిందంటే ఏటా సుమారు 7 శాతం పెరిగినట్టు. పెరిగే ఖర్చుకు భాగించాల్సింది వడ్డీతో కాదు, వడ్డీలోంచి పెరుగుదల తీసేయగా మిగిలిన దానితో:

మొదటి ఏడాది ఖర్చు ÷ (వడ్డీ − పెరుగుదల)

1996 అంకెలతో వేస్తే 12లోంచి 7 పోను 5 శాతం. 300 ÷ 0.05 అంటే 6,000 కట్టించుకోవాల్సింది. నిలుస్తుందా అని రెండేళ్లు నడిపి చూద్దాం. 6,000 మీద వడ్డీ 720. పూజకు 300 పోను 420 మళ్లీ అసలులో కలిపితే 6,420. మరుసటి ఏడాది దాని మీద వడ్డీ 770 రూపాయల 40 పైసలు, పూజ ఖర్చు 321, మిగిలిన 449 రూపాయల 40 పైసలు అసలులోకి. అసలు 6,869 దాటింది. పూజ ఖర్చు ఎంత వేగంతో పెరిగిందో అసలూ అంతే వేగంతో పెరిగింది. కిటుకంతా ఇక్కడే ఉంది. వడ్డీ చేతికొచ్చిందని మొత్తం ఖర్చు పెట్టకూడదు. అందులో పెద్ద భాగం వడ్డీలా కనిపిస్తున్న అసలు.

మన పూర్వులకు ఇది తెలుసనిపిస్తుంది. చోళుల కాలపు శాసనాల్లో గుడిలో ఆరని దీపానికి డబ్బు బదులు గొర్రెలు ఇవ్వడం తరచుగా కనిపిస్తుంది, ఒక దీపానికి 96 గొర్రెలు అన్న లెక్క చాలాచోట్ల ఉంది. వాటిని తమిళ శాసనాలు "చావని, ముసలికాని గొర్రెలు" అంటాయి. గొర్రె చస్తుంది, కానీ మంద తగ్గకూడదు. పుట్టిన పిల్లలతో కాపరి మందను నిలబెట్టుకుంటూ రోజూ నెయ్యి కొలిచి ఇవ్వాలి. ఇచ్చేది నెయ్యి కాబట్టి ధర పెరిగినా దీపానికి లోటు లేదు. మన కమిటీ రూపాయల్లో మాటిచ్చి, పొంగలి వండాల్సి వచ్చింది.

మా దగ్గర ఇంకో తప్పు కూడా జరిగింది, దాచను. 41 మంది 2,500 చొప్పున కట్టినది 1,02,500. నేను పుస్తకం చేతికి తీసుకుని ఫిక్స్‌డ్ డిపాజిట్ రశీదులు కూడితే 80,000 వచ్చింది. మధ్యలో ఒక ఏడాది గోపురం రంగులకు 22,500 తీశారు. ఎవరూ జేబులో వేసుకోలేదు, కానీ మంద తగ్గింది. మీ ఊళ్లోనూ ఇలాంటి నిధి ఉంటే కమిటీని రెండే అడగండి: ఎంతమంది ఎంత కట్టారు, ఇవాళ రశీదుల్లో అసలు ఎంత ఉంది. రెండోది మొదటిదాని కంటే తక్కువుంటే అసలు కరిగింది. సరిగ్గా అంతే ఉంటే అసలు కరగలేదు గానీ పెరగనూ లేదు, పూజ చిక్కిపోతూ వస్తోందన్నమాట.

ఇక రేటు మారడం గురించి. రేటు మారితే వెల మారుతుంది, అది లెక్క కూలడం కాదు. బ్రిటన్ ప్రభుత్వం 18వ శతాబ్దంలో అసలు తిరిగిచ్చే గడువు లేని బాండ్లు అమ్మింది, కాన్సోల్స్ అంటారు. ప్రభుత్వం కావాలనుకుంటే అసలు కట్టేసి వదిలించుకోవచ్చు. చివరికి 2015లో కట్టేసింది కూడా. వాటిలో వందకు రెండున్నర వడ్డీ ఇచ్చే బాండును చూస్తే, బజార్లో రేటు రెండున్నర ఉన్నప్పుడు దాని వెల 100, రేటు 5 అయితే 50, 10 అయితే 25. బాండు పట్టుకున్నవాడికి రెండున్నర మాత్రం ఆగకుండా వస్తూనే ఉంటుంది. వెల అనంతమైతే ఇన్నేళ్లు దాన్ని కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు ఎవరు?

కానీ మన డిపాజిట్ ఆ బాండు లాంటిది కాదు, మెసేజ్‌లో పనికొచ్చే అనుమానం ఈ ఒక్కచోటే ఉంది. బాండులో వచ్చే సొమ్ము కదలదు, వెల కదులుతుంది. డిపాజిట్‌లో అసలు కదలదు, వచ్చే సొమ్ము కదులుతుంది. మన బ్యాంకులు మామూలుగా పదేళ్లకు మించి రేటు రాసివ్వవు. ఇవాళ్టి 7తో భాగించి "ఎప్పటికీ" అంటే, పదేళ్లకొకసారి రెన్యూవల్ చేసినప్పుడల్లా 7 దొరుకుతుందని మనం లోపల అనుకున్నట్టు. 1996లో 12 విషయంలో అనుకున్నది అదే.

పెరుగుదల తీసేసిన లెక్కలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఇవాళ పూజ 2,100, వడ్డీ 7, ఖర్చు ఏటా 5 శాతం పెరుగుతుందనుకుంటే తేడా 2. కట్టాల్సింది 1,05,000, మెసేజ్‌లో చెప్పిన 30 వేలు కాదు. తేడా 3 అయితే 70,000 చాలు. తేడా 1కి పడిపోతే 2,10,000. పెరుగుదల వడ్డీని అందుకుంటే ఏ మొత్తమూ సరిపోదు. మెసేజ్ రాసినాయన చెప్పిన అనంతం నిజంగా ఉండేది అక్కడ. ఇందాక యాభై ఏళ్ల తర్వాతి కాలానికి వెయ్యి రూపాయలే అన్నాను కదా, అది పెరగని సొమ్ముకు. ఇలా పెరిగే పూజలో ఆ వాటా 39 శాతం దాకా వెళ్తుంది. కాబట్టి ఒకసారి వెల కట్టి బోర్డు పెట్టేసి మరిచిపోతే కుదరదు. రెన్యూవల్ రోజున తేడా ఎంతుందో చూసి, ఆ తేడా మేరకే పూజకు తీయాలి. తేడా తగ్గితే పూజ చిన్నదవుతుంది, కానీ ఆగదు.

ఇదే మాట మొన్న గుడి అరుగు మీద కమిటీలో పెట్టాను. పెద్దమ్మ కూడా వచ్చి కూర్చుంది. వడ్డీ 7లో తేడా 2 కాబట్టి ఆవిడ 175లో ఏడింట రెండు వంతులు తీస్తే పూజకు 50 వస్తుంది, మిగతా 125 అసలులోకి పోవాలి. "యాభైకి ఏమొస్తుందిరా?" అంది. ఒక టెంకాయ, కర్పూరం అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఆవిడే అంది: "ఎవరికి వాళ్లు కాకుండా అందరికీ కలిపి ఒక్క రోజు పెట్టండి."

రంగులకు తీసిన 22,500 కమిటీ వాళ్లే చందాలేసుకుని తిరిగి కట్టారు. 1,02,500 మీద వడ్డీ 7,175, అందులో ఏడింట రెండు వంతులు 2,050. తక్కువైన యాభై పెద్దమ్మ ఇచ్చింది. ఆ రోజు 41 పేర్లు, గోత్రాలు చదవడానికి అయ్యవారికి పావుగంట పట్టింది.