బిరుదులు మారితే మనిషి మారిపోతున్నాడు: జీవిత చరిత్రల అనువాదం మీద నా గోడు

వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ జీవిత చరిత్ర ఒకటి తెలుగులోకి అనువదిస్తున్నాను. మూలం 700 పేజీల పైమాటే. దాదాపు 200 పేజీలు చేశాక ప్రూఫులు చూస్తున్న మిత్రుడు ఫోన్ చేసి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "నాలుగో అధ్యాయంలో వెల్లస్లీ గవర్నర్ జనరల్‌కు ఉత్తరం రాశాడు అన్నారు. గవర్నర్ జనరలే వెల్లస్లీ కదండీ?"

ఆ రోజు పని ఆపేశాను. తప్పు ఆయనది కాదు, నాది. తెలుగువాళ్లకు బడిలో పరిచయమైన వెల్లస్లీ ఒక్కడే, సైన్య సహకార పద్ధతి తెచ్చిన గవర్నర్ జనరల్. ఆయన పేరు రిచర్డ్. నా పుస్తకంలో ఉన్నది ఆయన తమ్ముడు, తర్వాత డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అయిన ఆర్థర్. 1799 మే నెలలో శ్రీరంగపట్నం పడిపోయినప్పుడు తమ్ముడు కల్నల్ వెల్లస్లీ, అన్న లార్డ్ మార్నింగ్టన్. ఆ ఏడాది చివర్లో అన్నకు మార్క్వెస్ వెల్లస్లీ అనే బిరుదు వచ్చింది. అప్పటినుంచి ఉట్టినే వెల్లస్లీ అంటే ఎవరో తెలియదు. పదేళ్ల తర్వాత, 1809లో, తమ్ముడికి వైకౌంట్ వెల్లింగ్టన్ అనే బిరుదు రావడంతో వెల్లస్లీ అనే పేరు మళ్లీ అన్నకే మిగిలింది. ఇంగ్లీషు పాఠకుడికి ముందు అతికించిన లార్డ్, కల్నల్, సర్ అనే చిన్న మాటలే దారి చూపిస్తాయి. మనం వాటిని ఒక పేజీలో ఉంచి, ఇంకో పేజీలో తీసేసి, మరో చోట "ప్రభువు" అని మార్చేస్తే పాఠకుడికి ఆ దారి మూసుకుపోతుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన దగ్గర పెద్ద జీవిత చరిత్ర అనువాదం అప్పగించేటప్పుడు గడువు అడుగుతారు, పేజీల లెక్క అడుగుతారు. బిరుదుల పట్టిక తయారు చేసుకున్నారా అని ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. మొదటి పేజీ మొదలుపెట్టక ముందే ఆ పట్టిక ఉండి తీరాలి. నేను ఆలస్యంగా చేశాను. తేదీ, ఆ రోజుకు ఆ మనిషి హోదా, కథ చెప్పే గొంతు ఏమని పిలుస్తుంది, ఎదుటివాళ్లు ఏమని పిలుస్తారు అని నాలుగు గళ్లు. ఆర్థర్ వరుస ఇలా వచ్చింది: 1802లో మేజర్ జనరల్, 1804లో సర్, 1808లో లెఫ్టినెంట్ జనరల్, 1809లో వైకౌంట్, 1812లో ముందు ఎర్ల్, తర్వాత మార్క్వెస్, 1813లో ఫీల్డ్ మార్షల్, 1814లో డ్యూక్.

పట్టిక గీసుకోగానే నా తప్పులు వాటంతటవే బయటపడ్డాయి. "సర్ వెల్లస్లీ" అని ఎన్నో చోట్ల రాశాను. సర్ ఎప్పుడూ సొంత పేరుకే తగులుతుంది, అందుకని అది సర్ ఆర్థర్. వైకౌంట్, ఎర్ల్, మార్క్వెస్ మూడింటికీ పిలుపు లార్డ్ వెల్లింగ్టనే. అందుకే 1812లో హోదా రెండుసార్లు పెరిగినా మూలంలో పిలుపు మారదు. డ్యూక్ అయ్యాక మాత్రం లార్డ్ పోతుంది. నేను అన్నిటికీ "వెల్లింగ్టన్ ప్రభువు" అని పెట్టేశాను. దాంతో 1814లో జరిగింది నా తెలుగులో జరగనే లేదు. ఇప్పుడు లార్డ్‌ను లార్డ్‌గానే ఉంచుతున్నాను. డ్యూక్‌ను ఎదురుగా పలకరించే చోట మహాప్రభో వగైరా లేకుండా "డ్యూక్ గారు" అంటున్నాను. గారు అన్న మాట ఒక్కటే అక్కడ కావలసినంత పని చేస్తుంది.

సైనిక హోదాలకు దళపతి, సేనాని లాంటి మాటలు పెట్టడం నాకు ఇష్టం లేదు. మేజర్ కంటే లెఫ్టినెంట్ చిన్న, కానీ మేజర్ జనరల్ కంటే లెఫ్టినెంట్ జనరల్ పెద్ద. పూర్వం మేజర్ జనరల్‌ను సార్జెంట్ మేజర్ జనరల్ అనేవారు, ముందున్న మాట రాలిపోయింది. 1808లో ఆర్థర్ హోదా పెరిగిందా తగ్గిందా అన్న అనుమానం పాఠకుడికి వస్తుంది. ఒక చిన్న వాక్యంతో తీర్చవచ్చు. కానీ రెండింటినీ సేనాని అంటే, తీర్చడానికి అనుమానమే మిగలదు, విషయమూ మిగలదు.

ఇక అసలు చిక్కు క్రియలో ఉంది. ఇంగ్లీషుకు లేనిది, మనకు ప్రతి వాక్యంలోనూ ఎదురయ్యేది. చేశాడా, చేశారా?

గొప్పవాళ్లకు "చేశారు" అనాలని చాలామంది పట్టుబడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. 1803 సెప్టెంబర్ 23న మరాఠాలతో జరిగిన అస్సాయే యుద్ధం దగ్గర ఆగిపోయాను. కైత్నా నదికి అక్కడ రేవు లేదని దారి చూపేవాళ్లు చెప్పారు. ఆర్థర్ మాత్రం అటు ఒక ఊరు, ఇటు ఒక ఊరు ఎదురెదురుగా ఉండటం గమనించి, మధ్యలో దాటే చోటు లేకుండా ఇలా కట్టుకోరని ఊహించాడు. నా మొదటి ప్రతిలో ఇలా ఉంది: "రేవు లేదన్నారు. ఎదురెదురుగా రెండు ఊళ్లు చూశారు. రేవు ఉంటుందని ఊహించారు. నది దాటారు." ఎవరు అన్నారు, ఎవరు చూశారు, ఎవరు ఊహించారు, ఎవరు దాటారు? తెలుగులో కర్తను వదిలేసే అలవాటు ఉంది కాబట్టి క్రియ చివర ఒక్కటే గుర్తు. ఆ గుర్తును గౌరవానికి ఇచ్చేస్తే మనిషికీ సైన్యానికీ తేడా ఉండదు. "రేవు లేదన్నారు. ఎదురెదురుగా రెండు ఊళ్లు చూశాడు. రేవు ఉంటుందని ఊహించాడు." అంతే, ఎవరు ఎవరో తెలిసిపోయింది.

అందుకే నా నిర్ణయం: కథనంలో పెద్దవాళ్లయిన మగవాళ్లందరికీ "ఆయన", క్రియకు "డు". ఆయన వచ్చాడు అనడం తెలుగులో ఎప్పటినుంచో ఉన్నదే, అందులో అమర్యాద లేదు. ఇది వెల్లింగ్టన్‌కు ఎంతో టిప్పు సుల్తాన్‌కూ అంతే, నెపోలియన్‌కూ అంతే. కథానాయకుడికి ఆయన, ఓడినవాడికి అతను అని రాస్తే, మూల రచయిత ఇవ్వని తీర్పు అనువాదకుడు ఇచ్చినట్టే.

ఇంకో కారణం ఆర్థర్ భార్య కిట్టీ. భర్తకు వెళ్లారు అని, ఆమెకు వెళ్లింది అని రాసిన పేజీలు నా ప్రతిలోనే ఉన్నాయి. ఒకే గదిలో ఇద్దరున్న దృశ్యంలో అది ఎంత ఎబ్బెట్టుగా ఉందో చదివి చూశాక సిగ్గేసింది. ఆయన వెళ్లాడు, ఆమె వెళ్లింది అంటే ఇద్దరూ సమానంగా నిలబడతారు.

గౌరవం చూపాల్సింది మాటల్లో, ఉత్తరాల్లో. అక్కడ మీరు, నువ్వు తేడా పూర్తిగా వాడుకోవచ్చు. రిచర్డ్ తొమ్మిదేళ్లు పెద్ద, పైగా గవర్నర్ జనరల్. ఆర్థర్ అధికారికంగా రాసిన లేఖల్లో "మీరు" పెట్టాను, ఇంటి ఉత్తరాల్లో "నువ్వు" ఉంచాను. ఒకే మనిషి, ఒకే చేత్తో రాసినవి. ఇంగ్లీషులో రెండు చోట్లా ఒకే మాట ఉన్నా, వరస చూసి మనం తేల్చుకోవాలి, తేల్చుకున్నది పట్టికలో రాసుకోవాలి. లేకపోతే 300 పేజీల తర్వాత అన్నదమ్ములు కారణం లేకుండా ఒకరినొకరు "మీరు" అనుకుంటారు.

దిద్దడం మొదలుపెట్టాక తెలిసింది, కంప్యూటర్‌లో వెతికి మార్చేస్తే సరిపోదని. "అతను" అని వెతికితే అతని, అతనికి దొరకవు, కర్త లేని "లేచారు, ఎక్కారు" అసలే దొరకవు. పేరు కూడా "వెల్లింగ్టన్" అని వెతికితే "వెల్లింగ్టనుకు" తప్పించుకుంటుంది. అందుకని "వెల్లింగ్ట" వరకే కొట్టి వెతుకుతున్నాను. క్రియల కోసం మాత్రం ప్రతి వాక్యం కళ్లతో చదవాల్సిందే. రోజుకు పది పన్నెండు పేజీలు సాగుతోంది. రాత్రి అస్సాయే దాటాను. తర్వాతి అధ్యాయంలో ఆర్థర్ ఇంకా సర్ కాలేదు.