లెక్క కుదిరితే పాట కుదిరినట్టేనా?

"పాటను అనువదించడం ఏమంత పని? మూలంలో ఎన్ని అక్షరాలుంటే అన్ని పెట్టి, చివర ప్రాస కలిపి, అర్థం చెడకుండా రాస్తే సరి. చదువుకోవడానికైనా పాడుకోవడానికైనా అదే పనికొస్తుంది. అర్థం మారిందంటే రాసినవాడికి చేతకాలేదనే."

ఈ మాట తరచూ షేర్ అవుతోంది. జవాబు కోసం, మనలో చాలామంది నర్సరీలో పాడిన "ఆర్ యూ స్లీపింగ్, బ్రదర్ జాన్"నే తీసుకుందాం. దాని మూలం "ఫ్రేర్ జాక్" అనే ఫ్రెంచి పాట.

మొదట అక్షరాల సంగతి. ఫ్రెంచివాళ్లు మామూలుగా మాట్లాడేటప్పుడు "ఫ్రేర్ జాక్" అని రెండు ఊపుల్లో అనేస్తారు. పాటలో మాత్రం "ఫ్రే-ర జా-క" అని నాలుగు స్వరాల మీద (స రి గ స) పాడతారు. మరి మూలంలో ఉన్నవి రెండా, నాలుగా? కాగితం చూసి చెప్పలేం, బాణీ వినాలి.

బాణీ విన్నాక కూడా సంఖ్య ఒక్కటే చాలదు. మూడో పంక్తి "సొనే లె మాతీన". దీనికి ఆరు స్వరాలు: ప ద ప మ, గ స. మొదటి నాలుగూ గబగబా ఒక్కో మాత్రలో వెళ్లిపోతాయి, చివరి రెండూ రెండేసి మాత్రలు నిలుస్తాయి. ఇక్కడ "పొద్దుగంట కొట్టు" అని రాశాననుకోండి. సరిగ్గా ఆరు అక్షరాలే, అర్థమూ దగ్గరిదే. కానీ పాడి చూడండి. "పొద్", "గం" రెండూ గురువులు, పడిందేమో ఒక్క మాత్ర స్వరాల మీద. నోరు వాటిని నొక్కేసి "పొదుగట" అంటుంది. అదే చోట "ఉదయపు గంటా" పెట్టండి. ఇవీ ఆరే. ఉ, ద, య, పు నాలుగూ లఘువులు, గం, టా రెండూ గురువులు. బాణీలో హాయిగా కూర్చుంటాయి. మన ఛందస్సు గురులఘువులను విడివిడిగా లెక్కించేది ఇందుకే. చప్పట్లతో తాళం వేస్తూ, రాగం లేకుండా మాటలు మాత్రం చదివితే ఈ తప్పు వెంటనే దొరికిపోతుంది.

ప్రాస గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫ్రెంచి మూలంలోనే పంక్తుల చివర ప్రాస లేదు. ప్రతి పంక్తినీ రెండేసిసార్లు పాడటమే దాన్ని చెవిలో నిలబెడుతోంది. మూలంలో లేని ప్రాస కోసం అర్థాన్ని వంచడం నష్టానికి బేరం.

అసలు చిక్కు అర్థంతో. ఫ్రెంచి పాటలో నిద్రపోతున్నవాడు మఠంలోని సన్యాసి. "సొనే లె మాతీన" అంటే వేకువ ప్రార్థనకు గంట కొట్టమని. అంటే గంట కొట్టాల్సినవాడే పడుకున్నాడు! పాటలోని చమత్కారమంతా అదే. ఇంగ్లీషులో అది "మార్నింగ్ బెల్స్ ఆర్ రింగింగ్" అయింది. గంటలు వాటంతటవే మోగుతున్నాయి, అతను లేవడం లేదు, అంతే. ఇది చేతకానితనమా? "రింగ్ ద బెల్స్ ఫర్ మ్యాటిన్స్" అన్నా ఆరు స్వరాలకు సరిపోతుంది, అర్థమూ నిలుస్తుంది. కానీ ఈ పాట పాడే పిల్లలకు మ్యాటిన్స్ అంటే తెలియదు. పాట మధ్యలో ఆపి వివరించడం కుదరదు. విన్న క్షణంలోనే అర్థమయ్యే మాట కావాలనుకుంటే, ఏదో ఒకటి వదలాలి. పాటల అనువాదం మీద రాసిన పీటర్ లో అనే పరిశోధకుడు దీన్ని ఐదు పోటీలు కలిసిన పెంటాథ్లాన్‌తో పోల్చాడు: పాడటానికి వీలు, అర్థం, సహజత్వం, లయ, ప్రాస. ఒక్కదాంట్లోనే ఫస్ట్ రావాలని చూస్తే మొత్తం పోటీ పోతుంది. నాకు ఈ లెక్కే సబబుగా తోస్తుంది.

చదువుకోవడానికైతే ఈ బాధ లేదు. "బ్రదర్ జాక్, మీరు నిద్రపోతున్నారా? వేకువ ప్రార్థనకు గంట కొట్టండి" అని రాసి, కింద అతను సన్యాసి అని ఒక ముక్క చేరిస్తే చాలు. కచేరీలో పంచే కాగితానికీ, సబ్‌టైటిల్‌కీ ఇదే సరైనది. దీన్ని ఆ బాణీలో పాడబోతే రెండో పంక్తి దగ్గరే ఆగిపోతాం. "గ మ ప" అని అక్కడున్నవి మూడే స్వరాలు, "మీరు నిద్రపోతున్నారా"కి ఎనిమిది అక్షరాలు.

పాడుకోవడానికి నేనైతే ఇలా రాస్తాను:

అన్నా జాకూ, అన్నా జాకూ,
నిద్రేనా? నిద్రేనా?
ఉదయపు గంటా, గణగణ కొట్టూ,
ఠంగ్ ఠంగ్ ఠంగ్, ఠంగ్ ఠంగ్ ఠంగ్.

మూడో పంక్తిని రెండోసారి అలాగే పాడకుండా మాటలు మార్చాను. గంట కొట్టాల్సింది అతనేనన్న సంగతి అందువల్లే ఇమిడింది. పోయినవీ ఉన్నాయి. ఫ్రెంచిలో అతన్ని "మీరు" అంటారు, ఇక్కడ ఆ మర్యాద లేదు. "అన్నా" అనగానే సన్యాసి కాస్తా ఇంట్లో మనిషైపోయాడు. "బ్రదర్ జాకూ" అంటే ఆ సంగతి దక్కేది, కానీ "బ్ర" లఘువు. రెండు మాత్రల స్వరం మీద "బ్రాదర్" అని సాగదీయాలి. చర్చి గాయకబృందం కోసమైతే ఆ సాగతీతకు ఒప్పుకుంటాను. బళ్లో పిల్లల కోసమైతే "అన్నా"నే ఉంచుతాను.