అవ్వ సరిహద్దులో కుక్కపిల్ల కబ్జా కేసు

ఇంట్లోకి కుక్కని తెచ్చుకోవడం ఏదో జంతుప్రేమ యవ్వారం అనుకునేవాళ్లు అమాయకులండీ, అది పక్కా రెవెన్యూ మేటర్. పోరంబోకులో ముందు నాలుగు గుంజలు పాతి, తర్వాత రేకులేసి, ఆనక కరెంటు మీటరు పెట్టించుకుని చివరికి పట్టా అడుగుతారు చూడండి, సరిగ్గా అదే పద్ధతి. సంక్రాంతి పోయినాక మా కావలి ఇంట్లో నడిచిన కేసులో పట్టాదారు మా అవ్వ, వయసు 78, ఆక్రమణదారు మూడు నెలల నాటుకుక్క పిల్ల.

మా తరఫున మొదట వాదించింది బాబాయి. "ధర్మరాజు వెంట స్వర్గం దాకా పోయింది కుక్కే కదమ్మా" అన్నాడు. "పోయింది నాయనా, వంటింట్లోకి రాలా గదా" అనింది అవ్వ. కేసు అక్కడికక్కడే డిస్మిస్.

తర్వాత నేను లేచి "అది ఏం చెయ్యదవ్వా" అన్నా. తెలుగులో ఇంతకన్నా పనికిరాని వాక్యం ఇంకోటి లేదని నాకిప్పుడు తెలుసు. అవ్వ భయం గాల్లోంచి రాలా, వాళ్ల తమ్ముణ్ణి చిన్నప్పుడు పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిచారంట, ఆ ఏడుపు ఇంకా చెవుల్లో ఉందంట. నిజమే, గొర్రె మెదడుతో చేసిన ఆ పాత మందు 2005 దాకా మన దేశంలో వాడార్లెండి. ఇప్పుడు సూది జబ్బకి, అదీ నాలుగైదు సార్లే. ఈ మాట చెప్పి, కుక్కపిల్లని కాకుండా దాని టీకాల పుస్తకాన్ని ముందు అవ్వ చేతిలో పెట్టా, మూడు నెలలప్పుడు రేబిస్ సూది, తర్వాత బూస్టరు, ఆపైన ఏటా ఒకటి అని, రిజిస్ట్రారాఫీసులో దస్తావేజు చదివినట్టు చదివి వినిపించా. అంతా విని "మరి కరిస్తేనో?" అనింది. టీకా వేసిన కుక్కయినా సరే సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడిగి ఆ రోజే ఆసుపత్రికి పోవాలవ్వా అని ఉన్నదున్నట్టు చెప్పేశా. విచిత్రంగా దానికే కాస్త మెత్తబడింది.

ఇక సర్వే. నడవ గడప దగ్గర ముగ్గుపిండితో గీత గీశాం, గీతకి అవతల పంచలో కుక్క, తాడు నా చేతిలో, ఇవతల పది అడుగుల దూరంలో కుర్చీలో అవ్వ. కుక్క కూర్చుంటేనే అవ్వ ఉడికిన గుడ్డు ముక్క విసరాలి, ఎగిరితే ముక్క లేదు. దూరం తగ్గించాలా వద్దా అనేది పూర్తిగా అవ్వ ఇష్టం, నోటితో చెప్పకపోయినా కాళ్లు రెండూ కుర్చీ మీదికి లాక్కుని కుచ్చిళ్లు బిగించిందంటే ఆ రోజు వెనక్కి జరగాల్సిందే. పదో రోజుకి ఆరడుగులకి వచ్చింది, అంతలో మా పిల్లకాయలు ప్రేమ పొంగిపోయి దాన్ని తెచ్చి అవ్వ ఒళ్లో పడేశారు. మళ్లీ పది అడుగులు, పది రోజుల పని గోవిందా. పైగా ఆ వయసులో చర్మం కాగితం లెక్క ఉంటది, కరవక్కర్లా, గోరు గీరుకున్నా రక్తమే. కాళ్లకి అడ్డం పడితే ఇంకా ప్రమాదం, అందుకే మెడకి మువ్వ కట్టాం, ఎక్కడుందో అవ్వకి తెలియాలి గదా.

శుభ్రం సంగతి వేరే కోర్టు. పంచలో పోసిన ప్రతిసారీ అమ్మ ఫినాయిల్ కుమ్మరించేది, అది మళ్లీ ఆడే పోసేది. ఫినాయిల్ వాసన మన ముక్కునే మోసం చేస్తది, కుక్క ముక్కుకి కింద ఉచ్చ వాసన అట్నే ఉంటది మరి. సర్ఫు నీళ్లతో కడిగి, పెట్ షాపులో దొరికే ఎంజైమ్ మందు పోసి కాసేపు వదిలేస్తే ఆ చోటు మర్చిపోయింది. అంతకంటే పనిచేసింది టైము: నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే బయటికి, మెలకువగా ఉంటే గంటకోసారి. పోసింది చూశాక లోపలికి. రోజూ సాయంత్రం చెవుల వెనక, వేళ్ల సందుల్లో గోమార్లు వెతకడం నా డ్యూటీ, అవ్వ కుర్చీలోంచి ఇన్‌స్పెక్షన్. మడిబట్టల తీగ, దేవుడి గది నిషేధిత ప్రాంతాలు, వాటి మీద అప్పీలు లేదు, నేను అడగనూ లేదు.

అవ్వ ఈరోజు దాకా దాన్ని ముట్టుకోలా. పేరు పెట్టి పిలవలా. కానీ మొన్న రోహిణి కార్తెలో పంచలో ఎండ నిప్పులు చెరుగుతుంటే, పొద్దున్నే లేచి చూద్దును గదా, ముగ్గు గీత రెండడుగులు నడవ లోపలికి, సరిగ్గా ఫ్యాను గాలి తగిలేదాకా జరిగి ఉంది. ఎవరు జరిపారని అడిగితే "నీళ్ల గిన్నె నిండుకుంది, పోసి రాపో" అనింది.