40 వేల వ్యూస్ అంటే 40 వేల మంది కాదన్నా

మొన్న శ్రీకాళహస్తి నుంచి కలంకారీ అంగడి అన్న ఫోన్ చేసినాడు. "సామీ, మన వీడియో ఇన్‌స్టాలో 40 వేలు, యూట్యూబ్‌లో 6 వేలే. ఇంక యూట్యూబ్ దండగ గదా?" తిరుపతిలో కూర్చొని వీడియోలు ఎడిట్ చేసి బతికే నాకు ఈ మాట నెలకు మూడుసార్లన్నా వినపడతాది.

అన్నా, ఆ రెండూ ఒకే పడితో కొలిచినవి కావు. రీల్ తెర మీద మొదలైతే చాలు, ఒక వ్యూ. ఆ వెంటనే వేలితో పైకి తోసేసినా వ్యూనే, అదే మనిషి మళ్లీ చూస్తే ఇంకొకటి. 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్‌లోనూ ఇదే లెక్క. (కొన్ని సెకన్లన్నా చూస్తేనే వ్యూ అనే పాత లెక్క ఎంగేజ్డ్ వ్యూస్ పేరుతో ఇంకా ఉంది. డబ్బులు ఇచ్చేది మాత్రం దాని మీదే. గమ్మత్తు చూడండి!) కానీ మనం యూట్యూబ్‌లో పెట్టింది షార్ట్ కాదు, అడ్డంగా తీసిన మామూలు వీడియో. దాన్ని ఎక్కువమంది తంబ్‌నెయిల్ చూసి, కావాలని నొక్కి చూస్తారు.

సరే, రెండింటికీ సరిపోయే కొలత ఏది? మొత్తం వాచ్ టైం. వీడియో రెండుచోట్లా ఒకటే, 90 సెకన్లు. రెండింటికీ పెట్టిన ఏడో రోజు అంకెలే తీసుకున్నా. రీల్‌కు 62 గంటలు, యూట్యూబ్‌కు 90 గంటలు! చూసిన మనుషులు అక్కడ 27 వేలు, ఇక్కడ 5,200. పంచి చూస్తే రీల్ దగ్గర మనిషికి 8 సెకన్లు, యూట్యూబ్ దగ్గర 62 సెకన్లు. ఎనిమిది సెకన్లలో కలం బట్టకు తగలను కూడా తగల్లేదు మన వీడియోలో.

చాలామంది తప్పేది ఇంకోచోట. సగటు వాచ్ టైంను వ్యూస్‌తో గుణిస్తారు. ఇన్‌స్టా ఆ సగటును మొదటిసారి ప్లేలతోనే భాగించి చూపిస్తుంది, వ్యూస్‌లో మాత్రం రెండోసారి చూసినవీ ఉంటాయి. గుణిస్తే గంటలు ఉబ్బిపోతాయి. అందుకే మొత్తం గంటలను నేరుగా తీసుకోవాల. భాగహారంలో పెద్దోళ్లే తప్పినారులే: 3 సెకన్లు దాటిన వ్యూస్‌తోనే భాగించి సగటును ఎక్కువగా చూపించామని 2016లో ఫేస్‌బుక్ ఒప్పుకుంది.

అట్లని రీల్ పనికిరాదనను. 27 వేల మంది కంటికి అంగడి పేరు ఆనింది, అది యూట్యూబ్ వల్ల కాలేదు. ఆ రెండు గుంపులను కూడి "32 వేల మంది చూసినారు" అని చెప్పుకోవద్దు, రెండుచోట్లా చూసినవాళ్లు ఉంటారు.

అంతా విని అన్న అడిగినాడు: "మరి చీరలు దేనివల్ల అమ్ముడుపోయినాయి సామీ?" అది ఈ అంకెల్లో దొరకదు. ఇప్పుడు రెండుచోట్లా వేరువేరు వాట్సాప్ లింకులు పెట్టినాం. ఇన్‌స్టా నుంచి వస్తే "రీల్ చూసినాను" అని, యూట్యూబ్ నుంచి వస్తే "వీడియో చూసినాను" అని మెసేజ్ ముందే టైప్ అయి ఉంటాది. అన్న ఒక నోట్‌బుక్కులో గీతలు గీస్తా ఉండాడు.