పట్టాలు ఏ చేతి వైపున్నాయి?

రైల్వే గేటు పడిన మరుక్షణం అక్కడ ఒక శాసనసభ కొలువుదీరుతుంది. కాజీపేట నుంచి జమ్మికుంట, పెద్దపల్లి మీదుగా బల్హార్షా వెళ్లే లైను మీద ఏ గేటు దగ్గరైనా ఈ సభను ఉచితంగా చూడవచ్చు. మోటారు సైకిళ్లు అధికార పక్షం. కుడి ఎడమల తేడా పాటించకుండా రోడ్డంతా ఆక్రమించి ముందు వరుసలో ఆసీనులవుతాయి. అవతలి వైపు ప్రతిపక్షమూ అంతే క్రమశిక్షణతో రోడ్డంతా నిండిపోతుంది. గేటు లేచాక ఎవరూ అంగుళం కదలలేకపోవడం సభా సంప్రదాయం.

ఈ సభలో ప్రతిసారీ వచ్చే తీర్మానం ఒకటే: రైలు ఇంకా కనబడలేదు కాబట్టి గేటు తీయాలి. గేట్‌మన్ దీన్ని పట్టించుకోడు, పట్టించుకున్నా చేయగలిగిందేమీ లేదు. సిగ్నల్‌తో ముడిపెట్టిన గేటుకు తాళం పడితే తప్ప రైలుకు సిగ్నల్ పడదు. ఒకసారి సిగ్నల్ ఇచ్చి రైలు దగ్గరకు వచ్చాక, అది దాటిపోయేదాకా ఆ తాళం ఊడిరాదు. ఇది తెలియక బతిమాలేవారు కొందరు, తెలిసీ దబాయించేవారు మరికొందరు. స్వయంగా గేటు తీసేసే వీరులకు 1989 నాటి రైల్వే చట్టం 160వ సెక్షన్ మూడేళ్ల వరకు జైలు, గేటు విరగ్గొడితే ఐదేళ్ల వరకు జైలు ఏర్పాటు చేసింది. పది నిమిషాలు ఆగే తీరిక లేనివారు అంత దీర్ఘకాలిక కార్యక్రమానికి ఎలా సిద్ధపడతారో పరిశోధకులు తేల్చాలి.

ఇక రెండో వర్గం ఉంది. వీరు ఆగరు, చుట్టూ తిరిగి వెళతారు. ఎక్కడికి అన్నది తర్వాత తేలుతుంది. వాహనం తిప్పే ముందు చిన్న లెక్క వేయడం వీరి ఆత్మగౌరవానికి భంగం కనుక ఆ లెక్క మనమే వేద్దాం. అండర్‌బ్రిడ్జి గేటుకు రెండు కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. వెళ్లడానికి రెండు, అవతలి వైపు మళ్లీ మన రోడ్డు అందుకోవడానికి రెండు, మొత్తం నాలుగు. ఊళ్ల మధ్య రోడ్డు మీద గంటకు పాతిక కిలోమీటర్ల వేగమే ఎక్కువ, అంటే దాదాపు పది నిమిషాలు. ఒక్క రైలు కోసం పడిన గేటు అంతలో లేచినా లేవవచ్చు. ఒక రైలు వెళ్లాక కూడా గేటు లేవలేదంటే మరో లైనులో ఇంకొకటి వస్తోందని అర్థం. అది రామగుండం వైపు నుంచి నిదానంగా కదిలే బొగ్గు రైలైతే తిరగడమే మేలు. పట్టాల మరమ్మతు కోసం మూసినట్టు బోర్డు పెట్టి ఉంటే లెక్కే అక్కర్లేదు.

తిరగాలని నిర్ణయించాక మన యాత్రికుడు చేసే మొదటి పని పట్టాలకు వీపు చూపించడం. తనను ఆపింది అదే కాబట్టి దాని మొహం చూడదలచుకోడు. ఆ పరిసరాల్లో అబద్ధం చెప్పనిది ఆ ఒక్క పట్టాల జత మాత్రమేనని అతనికి ఎవరూ చెప్పలేదు. ఫోనులో మ్యాపు ఉంది కదా అంటారు. ఉంది. ఆ మ్యాపుకు గేటు పడిన సంగతి తెలియదు. మీరు ఎంత దూరం పోయినా, ఎక్కడ వీలు దొరికితే అక్కడ వెనక్కి తిరగమని మళ్లీ గేటు దగ్గరికే ఆహ్వానిస్తుంది. అండర్‌బ్రిడ్జిని నడుమ మజిలీగా పెట్టుకుంటే తప్ప దాని పట్టుదల సడలదు.

పరకాల వైపు నుంచి హుజూరాబాద్ వెళ్లే పెద్దమనిషి ఊళ్లలోంచి అడ్డదారి పట్టి ఒక గేటు దగ్గర ఆగాడనుకుందాం. ఆయన పడమరకు పోతున్నాడు. లైను కాజీపేట నుంచి దాదాపు ఉత్తరంగా సాగుతుంది కనుక ఎదురుగా అడ్డంగా ఉంటుంది. ఎడమకు, అంటే కాజీపేట వైపు తిరిగాడు. పట్టాలు ఇప్పుడు కుడిచేతి వైపున్నాయి. అండర్‌బ్రిడ్జి రాగానే కుడికి తిరిగి అవతలికి దిగాడు. అక్కడ మళ్లీ కుడికే తిరగాలి. అప్పుడు పట్టాలు ఎటున్నాయి? కుడిచేతి వైపే. అలా గేటు అవతలి కొస చేరి ఎడమకు తిరిగితే హుజూరాబాద్ రోడ్డు, మొదటి దిక్కు. మొదటి మలుపులో పట్టాలు ఏ చేతి వైపుకు వచ్చాయో, దాటే క్షణం తప్ప, రోడ్డు తిరిగి అందేదాకా అదే చేతి వైపు ఉంటాయి. కుడికి తిరిగినవారికి చివరిదాకా ఎడమచేతి వైపు. పట్టాలు చేయి మారాయంటే మీరు తిరగాల్సిన దానికి ఎదురు తిరిగారన్నమాట. మన పెద్దమనిషి ఇది పట్టించుకోకుండా అండర్‌బ్రిడ్జి దాటగానే బాగున్న రోడ్డు చూసి ఎడమకు తిరిగాడు. అరగంటకు హసన్‌పర్తి కనబడింది. హుజూరాబాద్ ఇంత పెరిగిందా అని ఆశ్చర్యపోయాడు.

రోడ్డు ఎప్పుడూ పట్టాలను అంటిపెట్టుకుని ఉండదు. మధ్యలో పక్కకు జరిగి ఒక ఊళ్లోకి దూరుతుంది, ఆ ఊళ్లో పెళ్లి పందిరి చుట్టూ తిరుగుతుంది, పత్తి చేల మధ్య తేలుతుంది. అప్పుడు చూడాల్సింది పట్టాల వెంట రైలు కరెంటు తీగను మోసే స్తంభాలను. చేల పైన వరుసగా దూరం నుంచే కనబడతాయి. వాటి మీద పలకలుంటాయి: పైన కిలోమీటరు సంఖ్య, కింద స్తంభం సంఖ్య. గేటు దగ్గర పై సంఖ్య చూసి పెట్టుకుంటే, అవతలి వైపు అదే సంఖ్య వచ్చేచోట మీ రోడ్డు ఉంటుంది. సంఖ్య దాటిపోయిందంటే మీరూ దాటిపోయారు.

ఓవర్‌బ్రిడ్జి కావాలనుకునేవారి బాధ వేరు. వీరు కూడా పట్టాల పక్కనే వెళ్లి వంతెన కింద నిలబడి, తల పైకెత్తి, తమ గమ్యం వైపు పోతున్న బస్సులను తిలకిస్తారు. పట్టాల పైన కరెంటు తీగ ఉంటుంది కనుక దాని మీదుగా పోయే వంతెన చాలా ఎత్తుకు లేవాలి. బస్సు ఎక్కగలిగే వాలు కావాలంటే పట్టాలకు రెండు మూడు వందల మీటర్ల ముందు నుంచే రోడ్డు లేవడం మొదలవుతుంది. అండర్‌బ్రిడ్జికి పట్టాల వెంట పోవచ్చు. ఓవర్‌బ్రిడ్జికి మాత్రం ముందు పట్టాల నుంచి వెనక్కి రావాలి. కాంట్రాక్టరు మీద కోపంతో ఎవరూ కింద నుంచి పైకి ఎక్కలేరు.

అండర్‌బ్రిడ్జి మనల్ని పైకి చూడనివ్వదు, లోపలికి చూడమంటుంది. ముందు అడ్డంగా ఇనుప దూలం ఉంటే దాని కింద పట్టని వాహనం వంతెన కిందా పట్టదు. దూలాన్ని గుద్ది చూడడం ప్రయోగాత్మక పద్ధతే గానీ అవసరం లేదు. వర్షాకాలంలో లోపల నిలిచిన నీళ్లలో రోడ్డు అడుగు కనబడకపోతే దిగకూడదు. ఇక్కడ ఒక సాక్ష్యం తప్పుదోవ పట్టిస్తుంది. వరిగడ్డి ట్రాక్టరు అటు నుంచి బయటికొచ్చింది కదా అని కారు దింపేస్తారు. ఆ ట్రాక్టరు ఎత్తు సరిపోతుందని మాత్రమే రుజువు చేసింది. దాని వెనక చక్రం మీ కారు కిటికీ దాకా ఉంటుంది, నీళ్ల సంగతి దానికేం తెలుసు? నమ్మదగిన సాక్షి ఆటో. అటు నుంచి వచ్చిన ఆటోను ఆపి, టైరు ఎంతవరకు తడిసిందో చూసి, "అన్నా, లోపల కారు పడుతుందా? అవతల హుజూరాబాద్ రోడ్డుకు కుడికేనా?" అని అడగండి. "బ్రిడ్జి ఎక్కడ?" అని అడిగితే మాత్రం, ఎవరైనా సరే, చేయి చాచి గేటు వైపే చూపిస్తారు.