ఇన్‌సర్కిల్ టెస్టుకి ఎప్సిలాన్ తగిలించే మహానుభావులకు

ఏ త్రిభుజం పరివృత్తంలోనూ వేరే బిందువు పడకుండా త్రిభుజాలు గీసే డెలానే ట్రయాంగ్యులేషన్ కోడ్ ఎవరిది తెరిచినా ఈ లైన్ కనిపిస్తోంది, చూసినప్పుడల్లా ఒళ్లు మండుతోంది:

```
if (det > 1e-9) flip(edge);
```

ఈ 1e-9 ఎక్కడిది? అడిగితే "అందరూ పెడతారు కదా" అంటారు.

చిన్న లెక్క చేద్దాం. A(0,0), B(4,0), C(0,4) ఒక త్రిభుజం. కొత్త బిందువు D(3,3) BC అంచుకి అవతల ఉన్న త్రిభుజంలో పడింది. దాన్ని మూడు ముక్కలు చేశాం, ఇప్పుడు BC ఉండాలా పోవాలా తేల్చాలి. A, B, C ల నుంచి D ని తీసేసి, వర్గాల మొత్తాన్ని మూడో నిలువు వరుసగా పెడితే వచ్చే అడ్డ వరుసలు ఇవి: (-3,-3,18), (1,-3,10), (-3,1,10). డిటర్మినెంట్ 96. ధనం కాబట్టి D, ABC పరివృత్తం లోపలే ఉంది. BC ని తీసి AD గీస్తాం, ఇదే ఫ్లిప్. (అపసవ్య దిశలో ABC అని ఇచ్చాం కాబట్టి ధనం. ACB అని ఇస్తే -96 వస్తుంది, మొత్తం తలకిందులు. ఇదీ చాలామంది మర్చిపోతారు.)

ఆ 96 మీటర్లలో. అవే బిందువుల్ని కిలోమీటర్లలో రాయండి. డిటర్మినెంట్ పొడవుకి నాలుగో ఘాతం కాబట్టి 9.6e-11 అవుతుంది, 1e-9 కన్నా తక్కువ. అదే D ఇప్పుడు వృత్తం బయట ఉందట! యూనిట్ మారిస్తే జ్యామితి మారిపోతుందా?

ఇంకో ముచ్చట. హైదరాబాద్ దగ్గర UTM మ్యాపు నిరూపకాలు మీటర్లలో సుమారు 2.2 లక్షలు, 19.2 లక్షలు. D ని ముందే తీసేయకుండా 4×4 డిటర్మినెంట్ విప్పితే లోపల 10^24 స్థాయి లబ్ధాలు వస్తాయి. ఆ స్థాయిలో పక్కపక్కనున్న రెండు డబుల్స్ మధ్య దూరమే 26 కోట్లకు పైన. అందులో మన 96 ఎక్కడ దొరుకుతుంది? ముందు తీసివేస్తే చాలా మటుకు తేరుకుంటాం. కానీ బిందువు వృత్తాన్ని దాదాపు తాకుతూ ఉంటే ఆ తర్వాతి గుణకారాల్లో గుర్తు మళ్లీ తప్పవచ్చు.

గుర్తు తప్పితే ఏమవుతుంది? నిజంగా లోపలుంటే ఆ చతుర్భుజం కుంభాకారంగా ఉంటుందన్న హామీ ఉంది, అందుకే కళ్లు మూసుకుని ఫ్లిప్ చేస్తాం. హామీ పోయాక ఫ్లిప్ చేస్తే త్రిభుజం తిరగబడవచ్చు. తర్వాతి బిందువు ఏ త్రిభుజంలో ఉందో వెతికే నడక అక్కడే గుండ్రంగా తిరుగుతూ ఉండిపోవచ్చు. మొత్తం n బిందువుల్లో h బయటి హద్దు మీద ఉంటే త్రిభుజాల సంఖ్య 2n−2−h కి సరిపోయిందని సంతోషపడొద్దు, ఫ్లిప్‌తో సంఖ్య మారదు. ప్రతి త్రిభుజం అపసవ్య దిశలోనే ఉందా అని చూడండి, దొంగ అక్కడ దొరుకుతాడు.

ఈ గుర్తుని తప్పు లేకుండా తేల్చడానికి షూచక్ రాసిన predicates.c 1990ల నుంచీ ఉచితంగా ఉంది. ముందు మామూలు డబుల్స్‌తో లెక్కేసి, వచ్చిన విలువ దోష పరిమితిని దాటితే అక్కడితో ఆగుతుంది. దాటకపోతేనే కచ్చితమైన లెక్కకి దిగుతుంది. కాబట్టి "స్లో అవుతుంది" అనే సాకు చెల్లదు. (4,4) లాంటి బిందువుకి సరిగ్గా సున్నా వస్తుంది, అప్పుడు ఫ్లిప్ చేయకండి. ఏ కర్ణమైనా డెలానేయే.