2,799 రూపాయల బిల్లులో పన్ను ఎంత?

కడప వై.వి. స్ట్రీట్‌లో ఏ రెడీమేడ్ దుకాణంలోకి వెళ్లినా బట్టకు వేలాడే చీటీ మీద ఒకే అంకె ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో ‘అన్ని పన్నులతో కలిపి’ అని రాసి ఉంటుంది. కొనేవారికి ఇది హాయి. బేరం కుదిరాక పైన ఇంకేమీ కట్టనక్కర్లేదు. చిక్కంతా లెక్క రాసేవారికే. ఆ ఒక్క అంకెలో సరుకు ధర ఎంత, పన్ను ఎంత అన్నది విడదీసి బిల్లులో చూపాలి, తర్వాత రిటర్నులో వేయాలి. ఇది బడిపిల్లల లెక్కే కదా అంటారు. చాలావరకు అంతే. కానీ రెడీమేడ్ బట్టల్లో ఒకచోట ఆ లెక్క ఎటు తిప్పినా కుదరదు. అక్కడ తప్పు గుమాస్తాది కాదని, రేట్ల పట్టిక రాసిన తీరుదేనని నా వాదన.

ముందు మామూలు లెక్క చూద్దాం. ఒక వస్తువు పన్నుతో కలిపి 1,180 రూపాయలు, రేటు 18 శాతం. చాలామంది కాలిక్యులేటర్ తీసి 1,180లో 18 శాతం కడతారు. 212 రూపాయల 40 పైసలు వస్తుంది. అది తప్పు. పన్ను వేసింది సరుకు ధర మీద, మొత్తం మీద కాదు. సరుకు ధర వంద అయితే బిల్లు నూట పద్దెనిమిది. కాబట్టి మొత్తాన్ని 118తో భాగించి వందతో గుణిస్తే అసలు ధర 1,000 వస్తుంది, మిగిలిన 180 పన్ను. కేంద్ర జీఎస్టీ, అంటే సీజీఎస్టీ నిబంధనల్లో 35వది చెప్పేది కూడా ఇదే: పన్నుతో కలిపిన విలువను రేటుతో గుణించి, వందకు రేట్లన్నీ కలిపిన అంకెతో భాగించాలి.

‘రేట్లన్నీ కలిపిన’ అన్న మాట దగ్గర చాలామంది కాలు జారుతారు. రాష్ట్రంలోపల అమ్మకమైతే 18 శాతం రెండు సగాలవుతుంది, కేంద్రానికి 9, రాష్ట్రానికి 9. కొందరు ఒక్కో సగాన్నీ విడిగా తీయబోయి 1,180ని 9తో గుణించి 109తో భాగిస్తారు. అప్పుడు ఒక్కో సగం 97 రూపాయల 43 పైసలు వస్తుంది, రెండూ కలిపితే 195కు దగ్గర. భాగించే అంకె ఎప్పుడూ 118 ఉండాలి, గుణించే అంకె మాత్రమే 9 ఉండాలి. అప్పుడు ఒక్కో సగం సరిగ్గా 90. ఇలాంటి తప్పు బిల్లు మీద అచ్చయితే నష్టం దుకాణానిదే. పన్ను పేరుతో ఎంత వసూలు చేశారో అంతా ప్రభుత్వానికి కట్టాల్సిందేనని సీజీఎస్టీ చట్టంలోని 76వ సెక్షన్ చెబుతుంది. 180 చూపాల్సిన చోట 212 రూపాయల 40 పైసలు చూపితే ఆ తేడా దుకాణదారు లాభంలోంచే పోతుంది.

5 శాతం సరుకులకు ఇంకా సులువైన దారి ఉంది. మొత్తాన్ని 21తో భాగిస్తే వచ్చేదే పన్ను. 2,100 రూపాయల బిల్లులో వంద రూపాయలు పన్ను. ధర్మవరం పట్టుచీర ఎంత ఖరీదైనదైనా ఈ లెక్కే సరిపోతుంది. చీర కుట్టిన దుస్తుల కిందికి రాదు, బట్ట కిందే లెక్క, కాబట్టి ధర పెరిగినా రేటు మారదు.

కుట్టిన దుస్తుల సంగతి అలా కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమలవుతున్న కొత్త రేట్ల ప్రకారం ఒక్కో దుస్తు అమ్మకపు విలువ 2,500 రూపాయలు మించకపోతే 5 శాతం, మించితే మొత్తం విలువ మీద 18 శాతం. మించిన భాగానికి మాత్రమే 18 కాదు, మొత్తానికీ. ఆ విలువలో జీఎస్టీ కలవదు, పన్నుకు ముందున్న ధరే విలువ. బిల్లులోనే చూపిన తగ్గింపు కూడా అందులోంచి పోతుంది. అంటే చీటీ మీది అంకెను చూసి రేటు నిర్ణయించడానికి లేదు. కస్టమర్ నిజంగా ఇచ్చిన మొత్తంలోంచి పన్ను తీసేశాక మిగిలిన దాన్ని చూడాలి. అయితే పన్ను తీయాలంటే ముందు రేటు తెలియాలి. రేటు తెలియాలంటే ముందు పన్ను తీయాలి.

ఒక కుర్తా తీసుకుందాం. చీటీ మీద 3,499 రూపాయలు. తగ్గింపు లేకుండా అమ్మితే ఇబ్బంది లేదు. 118 లెక్కన అసలు ధర 2,965 రూపాయల 25 పైసలు, అది 2,500 దాటింది, కాబట్టి 18 శాతం సరైనదే. ఇప్పుడు పండగకు 20 శాతం తగ్గింపు పెట్టారనుకుందాం. పైసలు వదిలేస్తే కస్టమర్ ఇచ్చేది 2,799 రూపాయలు. ఇందులో పన్ను ఎంత?

5 శాతం అనుకుని తీస్తే అసలు ధర 2,665 రూపాయల 71 పైసలు. అది 2,500 దాటింది కాబట్టి 5 శాతం చెల్లదు, 18 వేయాలి. సరేనని 18 శాతం అనుకుని తీస్తే అసలు ధర 2,372 రూపాయల 3 పైసలు. అది 2,500 లోపే ఉంది కాబట్టి 18 చెల్లదు, 5 వేయాలి. ఏ రేటు పెట్టినా ఆ రేటే తప్పని బిల్లే చెబుతుంది. ఇది గుండ్రం చేయడంలో వచ్చే ఒకటి రెండు పైసల తేడా కాదు. 2,799 రూపాయలకు ఒక దుస్తు అమ్మితే నియమానికి సరిపడే బిల్లు అసలు లేదు.

కారణం చూస్తే అర్థమవుతుంది. అసలు ధర సరిగ్గా 2,500 ఉంటే 5 శాతంతో మొత్తం 2,625. అసలు ధర ఒక్క పైసా పెరిగితే 18 శాతంతో మొత్తం 2,950 దాటుతుంది. నియమం ప్రకారం పన్ను వేసుకుంటూ వెళితే 2,625కూ 2,950కీ మధ్య ఏ మొత్తం దగ్గరా మనం ఆగం. అది ఖాళీ. కానీ చీటీలు రాసేవారు పన్ను నుంచి మొదలుపెట్టరు, 2,699, 2,799, 2,899 అని కొనేవారి కంటికి నచ్చే అంకెతో మొదలుపెడతారు. ఆ అంకెలన్నీ ఈ ఖాళీలోనే పడతాయి.

ఈ ఖాళీ కొత్తగా పుట్టింది కాదు. మునుపు హద్దు వెయ్యి రూపాయలు, రేట్లు 5, 12. అప్పుడు 1,050కీ 1,120కీ మధ్య ఇదే చిక్కు ఉండేది. 70 రూపాయల సందు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు హద్దు 2,500కు పెరిగింది, రేట్ల మధ్య తేడా 13 శాతానికి పెరిగింది. సందు 325 రూపాయలైంది. కొత్త రేట్లతో చాలా దుస్తుల మీద భారం తగ్గిన మాట నిజం. ఈ సందు వెడల్పయిన మాటా అంతే నిజం.

దుకాణంలో జరిగేది మరో రకం. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో సరుకు చేరినప్పుడే దానికి రేటు కట్టేస్తారు. 3,499 చీటీ చూసి ఆ కుర్తాకు 18 అని రాసి పెడతారు. కౌంటర్ దగ్గర తగ్గింపు కొట్టినప్పుడు ధర మారుతుంది, రేటు మారదు. అందువల్ల బిల్లు ఇలా వస్తుంది: పన్నుకు ముందు విలువ 2,372 రూపాయల 3 పైసలు, పన్ను దాదాపు 427 రూపాయలు. ఒక్క కుర్తాకే విలువ 2,500 లోపు, పక్కనే రేటు 18 శాతం. ఈ రెండూ ఒకే వరుసలో కనిపిస్తే ఆ బిల్లులో తిరకాసు ఉందని లెక్కలు రానివారూ గుర్తుపట్టవచ్చు.

ఇదే కుర్తాకు 20 బదులు 25 శాతం తగ్గింపు ఇచ్చి చూడండి. కస్టమర్ ఇచ్చేది 2,624 రూపాయల 25 పైసలు. ఇది 2,625 లోపు కాబట్టి 5 శాతం సందేహం లేకుండా వర్తిస్తుంది. దుకాణానికి మిగిలేది 2,499 రూపాయల 29 పైసలు. 20 శాతం తగ్గింపుతో, 18 శాతం పన్నుతో అమ్మినప్పుడు మిగిలింది 2,372 మాత్రమే. అంటే కస్టమర్‌కు ఇంకో 175 రూపాయలు వదిలేసిన వ్యాపారికి 127 రూపాయలు ఎక్కువ మిగులుతుంది. తగ్గేది ప్రభుత్వానికి వెళ్లే పన్నే, అదీ చట్టం చెప్పిన రేటుకే. పండగ తగ్గింపు బోర్డు రాసే ముందు ఈ ఒక్క లెక్క వేసుకోని వ్యాపారి చేతిలో డబ్బు వదులుకుంటున్నట్టే. ఖాళీకి అటువైపు వెళ్లాలనుకుంటే 2,950 దాటాలి. అప్పుడు 2,500కు మించి మిగలడం మొదలవుతుంది.

ఈ వెనకలెక్కకు హద్దులూ ఉన్నాయి. మొత్తం ఒక్కటే తెలిసి, అందులో రకరకాల రేట్ల సరుకులుంటే పన్ను తీయడం ఎవరి వల్లా కాదు. కిరాణా బిల్లులో విడి బియ్యానికి పన్ను లేదు, ఒంటిసబ్బుకు 5, బట్టల పౌడరుకు 18. వరుస వరుసకూ విడిగా తీయాల్సిందే. ఇక కంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న దుకాణం బిల్లులో తీయడానికి పన్నే ఉండదు. కొనేవారి దగ్గర పన్ను వసూలు చేసే హక్కు వారికి లేదు, ఆ మాట బిల్లు పైన రాసి ఉండాలి. వారు కట్టేది తమ అమ్మకాల మీద, తమ జేబులోంచి.

రెడీమేడ్‌కు నేను కోరేది చిన్న మార్పు. హద్దును పన్నుకు ముందు ధర మీద కాకుండా, కస్టమర్ చెల్లించిన మొత్తం మీద రాయాలి. 2,625 వరకు 5 శాతం, ఆపైన 18 అంటే చాలు, ప్రతి మొత్తానికీ ఒకే ఒక్క జవాబు ఉంటుంది. చిల్లర అమ్మకపు ధర మీద రేటు కట్టడం మనకు తెలియనిదేమీ కాదు. 2017లో జీఎస్టీ మొదలైనప్పుడు చెప్పులకు అలాగే చేశారు, జత మీద అచ్చయిన ధర 500 మించకపోతే తక్కువ రేటు. అయితే అచ్చు ధరను పట్టుకుంటే వేరే అన్యాయం జరుగుతుంది. 3,499 చీటీ ఉన్న పాత సరుకును వెయ్యికి వదిలించుకున్నా 18 శాతమే పడుతుంది. అందుకే చీటీ ధర వద్దు, చేతికి వచ్చిన ధర కావాలి అంటున్నాను.

దీనితో 2,625 దగ్గర ఒక్కసారిగా పన్ను ఎగబాకడం ఆగదు. 2,799కి అమ్మిన వ్యాపారికి అప్పుడూ 2,372 రూపాయలే మిగులుతుంది. కానీ ఏ రేటు వేయాలో తెలిసి వేస్తాడు, రేపు అధికారి అడిగితే చూపడానికి ఒక నియమం ఉంటుంది. అప్పటిదాకా 2,626 నుంచి 2,950 వరకు ఏ చీటీ రాయకపోవడం, తగ్గింపు కొట్టినప్పుడు రేటును కూడా మళ్లీ చూసేలా సాఫ్ట్‌వేర్‌లో మార్పు చేయించుకోవడం దుకాణదారు చేతిలోనే ఉన్నాయి.